రొయ్య మీద పడ్డ పన్ను

సుంకాల చరిత్ర – 11వ భాగం

గత భాగంలో సాయరు సుంకం కథ చెప్పుకున్నాం. అచ్చంపేట మండలంలోని చింతపల్లి వాసిరెడ్డి వారి రాజధానిగా ఉన్న రోజుల్లో దారి వెంట పోయే సరుకు మీద జమీందారులు సాయరు వసూలు చేసుకునేవారని, 1802 శాశ్వత శిస్తు బందోబస్తుతో ఆ రాబడిని కుంపిణీ తన చేతిలోకి తీసుకుందని చూశాం. ఆ పన్ను బండికింత, బస్తాకింత అన్న లెక్కన సాగేది. సరుకు ఎవరిది, వాడు ఇంటి దగ్గర ఎంతకు అమ్ముతున్నాడు అన్న ఆరా ఉండేది కాదు.

ఆ భాగం అచ్చయ్యాక అచ్చంపేట నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. పత్తి, మిర్చి పండించే పెద్దమనిషి. కూతుర్ని నాగాయలంక వైపు ఇచ్చారట, వియ్యాలవారికి రొయ్యల చెరువులున్నాయి. “బండికింత అంటే అర్థమైందండీ. మా వియ్యంకుడు ఇంకో పన్ను సంగతి చెబుతాడు. మన రొయ్యని అమెరికాలో మరీ చవగ్గా అమ్ముతున్నామని వాళ్లు పన్నేశారంట. చవగ్గా ఇస్తే కొన్నవాడికి లాభమే గదా? నష్టానికి అమ్మితే అమ్మినవాడి ఖర్మ. మధ్యలో పన్నెందుకు?” అని అడిగారు. ఈ వారం రాయాలనుకున్నది వేరే విషయం. ఈ ప్రశ్న దాన్ని పక్కకు నెట్టేసింది.

ఆయన అడిగింది కొత్త ప్రశ్నేమీ కాదు. నూట ఇరవై ఏళ్ల నాడు కెనడాలో ఇదే ప్రశ్న మీద గొడవ జరిగింది. అమెరికాలో యూఎస్ స్టీల్ అనే మహా కంపెనీ అప్పటికే వెలిసింది. స్వదేశంలో దానికి సుంకాల గోడ అడ్డం ఉంది గనక అక్కడ ఉక్కు ఎక్కువ ధరకు అమ్ముకునేది. మిగిలిన సరుకును సరిహద్దు దాటించి కెనడాలో తక్కువకు వదిలేది. కెనడా ఉక్కు మిల్లుల వాళ్లు సుంకాలు పెంచమని పట్టుబట్టారు. అందరి సరుకు మీదా పెంచితే రైతులు, కొనుగోలుదారులు ఊరుకోరు. ఆర్థిక మంత్రి ఫీల్డింగ్ 1904లో నడిమి దారి వెతికాడు. సుంకాలు అందరికీ పెంచకుండా, తన ఇంట ఒక ధర, మన ఇంట తక్కువ ధర పెట్టిన వాడి మీద మాత్రం ఆ తేడా మేరకు అదనపు సుంకం వేస్తామన్నాడు. ప్రపంచంలో మొదటి యాంటీ డంపింగ్ చట్టం అదే. అమెరికా 1916లో ఒకటి, 1921లో ఇంకొకటి చేసుకుంది. 1947లో గాట్ ఒప్పందం ఆరో అధికరణంలో దీన్ని అన్ని దేశాల హక్కుగా రాసేశారు. మన దేశం 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టంలో 9ఎ సెక్షన్‌గా పెట్టుకుంది గానీ, 1990ల ఆరంభం దాకా దాన్ని వాడే పని పడలేదు. తలుపులు మూసుకుని కూర్చున్న ఇంటికి దొంగల భయమేముంటుంది?

పన్నెందుకన్న ప్రశ్నకు చట్టం వైపు నుంచి వచ్చే జవాబు ఇది. సత్తెనపల్లిలో ఒక పెద్ద ఎరువుల వ్యాపారి ఉన్నాడనుకోండి. అక్కడ తనకు పోటీ లేదు, బస్తా మీద బాగానే మిగులుతుంది. ఆ మిగులుతో అచ్చంపేటలో ఒక కొట్టు తెరిచి, కొన్న ధర కన్నా తక్కువకు అమ్మడం మొదలుపెడతాడు. రెండు సీజన్లు రైతులకు పండగే. అచ్చంపేట చిన్న కొట్లు తట్టుకోలేక మూతపడతాయి. మూడో సీజన్లో అతగాడు చెప్పిందే రేటు. చౌక ధర వల్ల లాభం వచ్చేది ఆ చౌక నిలిచినన్నాళ్లే. ఆ తర్వాత ఊళ్లో వేరే కొట్టంటూ మిగలకపోతే నష్టం కొన్నవాడిదే. కొనే దేశం పన్ను వెయ్యడానికి ఉన్న గట్టి కారణం ఇదే.

1923లో జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త డంపింగ్ మీద పుస్తకమే రాశాడు. ఈ రంగంలో ఇప్పటికీ మొదట చెప్పుకునే పుస్తకం అది. ఒకే సరుకుకు రెండు దేశాల్లో రెండు ధరలు పెట్టడమే డంపింగ్ అని తేల్చాడాయన. ఎప్పుడో ఒకసారి మిగిలిన సరుకు వదిలించుకుంటే పెద్ద హాని లేదన్నాడు. ఏళ్ల తరబడి ఆగకుండా చవగ్గా ఇస్తూనే ఉంటే కొన్న దేశానికి అది వరమే. ఈ రెంటికీ మధ్యది, అంటే స్థానిక పరిశ్రమ కూలేంత కాలం సాగి తర్వాత ఆగిపోయేది, అదే ప్రమాదకరం. చక్కటి విభజన. కానీ చట్టంలో దీనికి చోటు లేదు. అమ్మినవాడి ఉద్దేశం ఏమిటి, పోటీదారును చంపడానికా, లేక గిరాకీ అంతే ఉండబట్టా అని చట్టం అడగదు. రెండే అడుగుతుంది. ధరలో తేడా ఉందా? మా పరిశ్రమకు గాయమైందా? రెంటికీ అవునని తేలితే పన్ను పడుతుంది. సత్తెనపల్లి వ్యాపారిని పట్టుకోవడానికి వేసిన వలలో చెరువు రొయ్య ఎలా చిక్కిందో ఇక్కడి నుంచి మొదలవుతుంది.

2003 డిసెంబర్ 31న అమెరికా దక్షిణ తీరంలోని ఎనిమిది రాష్ట్రాల రొయ్యల వేటగాళ్లు, ప్రాసెసింగ్ వాళ్లు కలిసి ఒక అర్జీ పెట్టారు. టెక్సాస్, లూసియానా మొదలు నార్త్ కరొలైనా దాకా ఉన్న తీరం వాళ్లది. బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, ఇండియా, థాయ్‌లాండ్, వియత్నాం తమ దేశంలో రొయ్యను డంప్ చేస్తున్నాయని ఫిర్యాదు. వాళ్ల బాధ అబద్ధం కాదు. వాళ్లది సముద్రంలో పడవ వేసుకుని పట్టే రొయ్య. డీజిల్ ఖర్చు పెరుగుతోంది, రొయ్య ధర ఏటా పడిపోతోంది. మన వైపు నుంచి చూస్తే, చెరువులో పెంచిన రొయ్యకు అయ్యే ఖర్చు పడవ రొయ్యకు అయ్యేదాని కన్నా బాగా తక్కువ. ఆ ఏడాది మన దేశం నుంచి అమెరికాకు వెళ్లిన రొయ్య విలువ సుమారు 40 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా ఆంధ్ర చెరువులదే. అప్పటికి వనామీ ఇంకా రాలేదు, అది 2009 తర్వాతి మాట. అప్పుడంతా టైగర్ రొయ్యే.

ఇంకొకడి కన్నా తక్కువ ఖర్చుతో పండించడం డంపింగ్ కాదు. చట్టం కూడా అలా అనదు. మరి తేడా ఎక్కడ చూస్తారు? స్వదేశంలో అమ్మే ధరతో పోల్చాలి. అక్కడే చిక్కొచ్చింది. మన దేశంలో ఆ గడ్డకట్టిన టైగర్ రొయ్యను కొని తినేవాళ్లు ఎందరు? స్వదేశంలో అమ్మకం అమెరికా అమ్మకంలో 5 శాతం కూడా లేకపోతే ఆ ధర పోలికకు పనికిరాదని నియమం. అప్పుడు మూడో దేశం, అంటే కెనడా, జపాన్ లాంటి చోట్ల అమ్మిన ధర చూస్తారు. అదీ కుదరకపోతే ఖర్చుకు కొంత లాభం కలిపి ఒక ధర కడతారు. చైనాది మార్కెట్ ఆర్థిక వ్యవస్థ కాదని అమెరికా వాదన. అందుకని చైనా రొయ్యకు ఖర్చు కట్టడానికి మన దేశపు రేట్లను నమూనాగా తీసుకున్నారు. ఒకే కేసులో మనం ముద్దాయిలం, పక్క ముద్దాయి మీద సాక్షులం కూడా.

పోల్చేది కూడా మొత్తం రొయ్య ధర కాదు, కౌంటు కౌంటుకూ విడిగా పోల్చాలి. చెరువు గట్టు మీద కౌంటు ఎలా తీస్తారో అచ్చంపేట వారికి కొత్త కావచ్చు. విసురువలతో నాలుగు చోట్ల పట్టి, కిలో తూచి లెక్కపెడతారు. కిలోకు ముప్ఫై వస్తే 30 కౌంటు. ఆ రొయ్య ప్లాంటుకు వెళ్లాక తల తీస్తే బరువులో మూడో వంతు పైగానే పోతుంది. అమెరికా వాడు కిలోలో చూడడు, తల తీసిన రొయ్య పౌనుకు ఎన్ని తూగాయో చూస్తాడు. మన 30 కౌంటు రొయ్య ఒక్కోటి 33 గ్రాములు. తల పోగా 21 గ్రాములు మిగిలితే, పౌనుకు 21 నుంచి 25 మధ్య తూగే రకంలో పడుతుంది. ఇలా ఒక్కో కౌంటూ, తల ఉన్నదీ లేనిదీ, పెంకు తీసినదీ తీయనిదీ, తోక ఉంచినదీ ఉంచనిదీ, దిమ్మగా గడ్డకట్టించినదీ విడివిడిగా గడ్డకట్టించినదీ వేరువేరు సరుకులుగా లెక్క. ప్రతి దానికీ కెనడా ధరెంత, అమెరికా ధరెంత అన్న పట్టీ. పరిశీలించిన కాలం 2002 అక్టోబర్ నుంచి 2003 సెప్టెంబర్ దాకా. ఆ ఏడాదిలో అమ్మిన ప్రతి కంటైనర్ బిల్లూ, ప్రతి ఖర్చు కాగితమూ వాషింగ్టన్ అడిగిన తీరులో పంపాలి. ఎగుమతిదారులందరి లెక్కలూ చూడడం వాళ్ల వల్ల కాదు గనక ముగ్గురిని ఎంచుకున్నారు. విశాఖపట్నానికి చెందిన దేవీ సీఫుడ్స్, నెక్కంటి సీఫుడ్స్, వాటితో పాటు హిందుస్థాన్ లీవర్. ఈ ముగ్గురి లెక్కల మీదే మిగతా అందరి తలరాతా ఆధారపడింది.

ఇప్పుడు ఖర్చు సంగతికి వద్దాం. నష్టానికి అమ్మడం గురించి కదా మన పాఠకుడు అడిగింది. చట్టంలో ఖర్చు వచ్చే చోటు జనం అనుకునే చోటు కాదు. లెక్క ఎలా పనిచేస్తుందో తెలియడానికి నేను కల్పించిన అంకెలు ఇవి, ఏ కంపెనీవీ కావు. ఒక కౌంటు రొయ్యకు పౌనుకు 4.70 డాలర్ల ఖర్చయిందనుకుందాం. కెనడాకు పది లాట్లు వెళ్లాయి. ఏడు లాట్లు 5.20కి, మార్కెట్ పడిపోయిన రోజుల్లో మూడు లాట్లు 4.50కి పోయాయి. పదింటి సగటు 4.99. అదే రొయ్య అమెరికాలో 5 డాలర్లకు అమ్ముడైంది. ఓడ కిరాయి, బీమా, గిడ్డంగి అద్దె రెండు వైపులా తీసేశాకనే ఈ ధరలు. అమెరికా ధర కెనడా సగటు కన్నా ఒక సెంటు ఎక్కువే. డంపింగ్ ఎక్కడుంది?

ఆగండి. ఆ మూడు లాట్లు ఖర్చు కన్నా తక్కువకు అమ్మినవి. ఒక రకం సరుకులో ఖర్చు లోపు అమ్మకాలు అయిదో వంతుకు చేరి, చాలాకాలం సాగి ఉంటే, అవి మామూలు వ్యాపారం కింద రావని పక్కన పెడతారు. పది లాట్లలో మూడంటే అయిదో వంతు దాటింది. అవి పోతే మిగిలినవి ఏడు, వాటి సగటు 5.20. ఇప్పుడు అమెరికా ధర 5 డాలర్లు, అంటే ఇరవై సెంట్ల తేడా, 4 శాతం డంపింగ్. అమెరికాలో మనవాడు నష్టానికి అమ్మలేదు. ఖర్చు పోను ముప్ఫై సెంట్లు మిగిలాయి. నష్టానికి అమ్మింది కెనడాలో. అయినా అమెరికాలో డంప్ చేసినవాడయ్యాడు. ఖర్చు కన్నా తక్కువకు అమ్మితే పన్ను అని మనం పైపైన చెప్పుకునే మాటకూ, చట్టం నిజంగా కొలిచేదానికీ మధ్య ఇంత దూరం ఉంది.

దీని మీద ఇంకో మెలిక ఉంది. వాణిజ్య పరిభాషలో దాన్ని జీరోయింగ్ అంటారు. పై 21/25 రకంలో పౌనుకు ఇరవై సెంట్లు తక్కువకు అమ్మాడు. 31/40 రకంలో అంతే సరుకు కెనడా కన్నా ఇరవై సెంట్లు ఎక్కువకు అమెరికాలో అమ్మాడనుకోండి. రెండూ కలిపితే చెల్లుకు చెల్లు. కానీ అమెరికా వాణిజ్య శాఖ లెక్కలో ఎక్కువకు అమ్మినదాన్ని సున్నాగా రాసుకునేవారు. తక్కువకు అమ్మిన ఇరవై సెంట్లు మాత్రం నిలిచేది. రెండు సబ్జెక్టుల్లో ఒకదాంట్లో తప్పి, రెండోదాంట్లో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాడికి తప్పిన సబ్జెక్టును మాత్రమే చూపించడం లాంటి లెక్క కాదిది, రెండోదాంట్లో పాస్ మార్కుకు పైన వచ్చినవి సున్నా అని రాసుకోవడం. ఈ పద్ధతి తప్పని ప్రపంచ వాణిజ్య సంస్థ పదే పదే చెప్పింది. రొయ్య కేసులోనే ఈక్వెడార్ ఈ ఒక్క పాయింట్ మీద పోరాడి గెలిచింది. లెక్క సరిచేస్తే ఈక్వెడార్ మీద పన్నే నిలవలేదు, 2007 ఆగస్టులో ఎత్తేశారు.

మన దగ్గరికి వద్దాం. 2004 వేసవి తర్వాత తాత్కాలిక రేట్లు బయటికొచ్చాయి. మన కంపెనీల మీద 3.56 నుంచి 27.49 శాతం దాకా. డిసెంబర్‌లో తుది లెక్క తేలింది, ఆ తర్వాత సవరించాక నిలిచిన రేట్లు ఇవి. దేవీ సీఫుడ్స్‌కు 4.94, నెక్కంటికి 9.71, హిందుస్థాన్ లీవర్‌కు 15.36. లెక్కలు చూడని మిగతా వందల ఎగుమతిదారులందరికీ ఈ ముగ్గురి అమ్మకాల భారిత సగటు, 10.17 శాతం. చైనాలో కొన్ని కంపెనీలకు ఇది 112.81 శాతం, కాబట్టి మనం తేలిగ్గానే బయటపడ్డామని ఆనాడు అన్నవాళ్లున్నారు. భీమవరంలోనో నాగాయలంకలోనో చెరువు ఉన్న రైతుకు ఆ ఓదార్పు ఎంతవరకు పనికొచ్చిందో నాకు అనుమానమే.

డంపింగ్ తేల్చేది వాణిజ్య శాఖ, గాయం తేల్చేది వేరే సంస్థ, అంతర్జాతీయ వాణిజ్య కమిషన్. 2005 జనవరిలో కమిషన్ కూడా గాయమైందని తేల్చింది. డబ్బాల్లో నిల్వచేసిన రొయ్యకు మాత్రం మినహాయింపు దొరికింది. ఫిబ్రవరి 1న ఉత్తర్వు వెలువడింది. వాణిజ్య శాఖ తుది లెక్కకూ కమిషన్ తీర్పుకూ మధ్య, డిసెంబర్ 26న సునామీ వచ్చింది. మన తీరం, థాయ్ తీరం దెబ్బతిన్నాయి కదా, ఇంకా వీళ్ల రొయ్య ముప్పేనా అని కమిషన్ మళ్లీ ప్రత్యేకంగా పరిశీలించింది. 2005 నవంబర్‌లో పన్ను ఉండాల్సిందేనని చెప్పింది.

10.17 శాతం కన్నా మన వ్యాపారుల్ని ఎక్కువ ఏడిపించింది ఆ పన్ను వసూలు చేసే పద్ధతి. మన దేశంలో యాంటీ డంపింగ్ సుంకం వేస్తే రేటు తేలిపోయినట్టే, సరుకు రేవుకు వచ్చిన రోజున కట్టి ఇంటికి పోవచ్చు. పైగా మనవాళ్లు, తేడా ఎంత ఉన్నా పరిశ్రమ గాయం మాన్పడానికి చాలినంతే వేస్తారు. అమెరికాలో అలా కాదు. రేవులో కట్టేది డిపాజిట్ మాత్రమే. ఏడాది గడిచాక ఎవరైనా కోరితే ఆ ఏడాది అమ్మకాలన్నీ మళ్లీ లెక్కేస్తారు. అసలు రేటు ఎక్కువని తేలితే మిగిలింది వడ్డీతో కట్టాలి, తక్కువైతే వెనక్కిస్తారు. అంటే, ఇవాళ అమ్మిన రొయ్య మీద పన్నెంతో రెండు మూడేళ్ల దాకా తెలియదు. అమెరికా దిగుమతిదారు ఈ తలనొప్పి నాకెందుకని తప్పుకుంటే, మన ఎగుమతిదారులే అక్కడ దిగుమతిదారులుగా పేరు పెట్టుకుని ఆ భారం మోశారు. పోనీ వేరే దిగుమతిదారు కట్టిన పన్నును చాటుగా వెనక్కి ఇద్దామా అంటే, అది బయటపడితే అంత మొత్తాన్నీ అమెరికా ధరలోంచి మళ్లీ తగ్గిస్తారు, డంపింగ్ ఇంకా పెరుగుతుంది.

దీనికి తోడు బాండు. మామూలుగా దిగుమతిదారు తాను ఏడాదిలో కట్టిన సుంకాల్లో పదో వంతుకో, 50 వేల డాలర్లకో హామీ బాండు ఇస్తే సరిపోయేది. రొయ్యకు మాత్రం, గత ఏడాది తెచ్చిన సరుకు విలువను పన్ను రేటుతో గుణించి అంత మొత్తానికీ బాండు పెట్టమన్నారు. డిపాజిట్ నగదుగా కడుతూనే, అదే మొత్తానికి మళ్లీ హామీ. కోటి డాలర్ల సరుకు తెచ్చేవాడు 10.17 లక్షల డాలర్లు డిపాజిట్ కట్టి, ఇంకో 10.17 లక్షలకు బాండు ఇవ్వాలి. బాండు కావాలంటే అంతకు సరిపడా తాకట్టో బ్యాంకు గ్యారంటీయో చూపించాలి. అంత చూపించగలిగిన పెద్ద కంపెనీలు నిలిచాయి. పలుకుబడి లేని చిన్న ఎగుమతిదారులకు అమెరికా మార్కెట్ దూరమైంది. మన దేశం దీని మీద ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. 2008 జూలైలో అప్పీలు స్థాయిలో గెలిచాం. రొయ్యకు మాత్రమే అంత బాండు అడగడం ఒప్పందానికి విరుద్ధమని తేలింది. అమెరికా ఆ బాండును వదులుకుంది. పన్ను మాత్రం వదల్లేదు.

వసూలైన డబ్బు ఎవరి జేబులోకి పోయింది? వినడానికి వింతగా ఉంటుంది, ఫిర్యాదు చేసినవాళ్ల జేబులోకే. 2000లో అమెరికా సెనేటర్ బర్డ్ పేరుతో ఒక సవరణ వచ్చింది. డంపింగ్ పన్నుగా వసూలైంది ఆ కేసును బలపరచిన స్వదేశీ ఉత్పత్తిదారులకు పంచాలని అందులో ఉంది. కేసును బలపరచకపోతే వాటా లేదు. ఇక అర్జీ మీద సంతకం పెట్టనంటాడా ఎవడైనా! మన దేశంతో సహా పదకొండు మంది సభ్యులు దీని మీద ఫిర్యాదు చేస్తే 2003 జనవరిలోనే ఇది చెల్లదని ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పిచ్చింది. అమెరికా దాన్ని 2006లో రద్దు చేసింది గానీ, 2007 అక్టోబర్ 1 లోపు దిగిన సరుకు మీది పన్ను పంచడం ఆగలేదు. అది పోయాక ఇంకో దారి దొరికింది. ఏటా లెక్క మళ్లీ వెయ్యమని వందల ఎగుమతిదారుల పేర్లతో అర్జీ పెట్టడం, ఆ అర్జీలోంచి పేరు తీసేయడానికి వాళ్లతో డబ్బు ఒప్పందం చేసుకోవడం. లెక్కలు చూపడానికి వాషింగ్టన్ లాయర్లకు పోసే ఫీజు కన్నా ఈ ఒప్పందమే చవకని చాలామంది ఒప్పుకున్నారు. చట్టంలో దీన్ని నిషేధించే మాట లేదు. నా మట్టుకు నాకు ఈ కేసు మొత్తంలో చట్టం ఉద్దేశానికి అన్నిటికన్నా దూరంగా పోయింది ఇక్కడే అనిపిస్తుంది. గాయపడ్డ పరిశ్రమను కాపాడటానికి పుట్టిన పన్ను, గాయం చూపించి రాబడి తెచ్చుకునే పనిముట్టయింది.

ఇదంతా చెరువు గట్టు దాకా ఎలా వచ్చింది? రైతు చేతికి పన్ను రసీదు రాలేదు. కంపెనీ ఏజెంటు వచ్చి, కౌంటు తీసి, రేటు చెబుతాడు. డిపాజిట్‌కు పోయేదీ, బాండు ఖర్చూ, రెండేళ్ల తర్వాత ఏం తేలుతుందోనన్న భయానికి పక్కన పెట్టుకునేదీ ఆ రేటులోంచే తగ్గుతాయి. రొయ్య చేతికొచ్చాక చెరువులో దాచుకోలేం, తెల్లమచ్చ తగిలిందంటే రెండు రోజుల్లో సర్వం పోతుంది. అందుకని చెప్పిన రేటుకే తోలేస్తారు. బియ్యానికో మిర్చికో ఉన్నట్టు కోల్డ్ స్టోరేజీలో వేసుకుని రేటు కోసం ఎదురుచూసే వీలు రైతుకు లేదు. అమెరికా పుస్తకాల్లో పన్ను దిగుమతిదారు పేరన ఉంటుంది. బేరంలో ఎవరికి గత్యంతరం లేదో వాడి మీదికి అది జారుతుంది.

మరి డంపింగ్ నిజంగా జరిగిందా? తర్వాతి ఏళ్ల లెక్కలే సాక్ష్యం. ఏటేటా లెక్క వేసిన కొద్దీ మన రేటు దిగుతూ వచ్చింది. మూడో సమీక్షకల్లా లెక్క చూడని కంపెనీలకు పడే సగటు 1 శాతం లోపుకు జారింది. మళ్లీ కొన్నేళ్లు పైకి లేచింది, దిగింది. దేవీ సీఫుడ్స్ వరసగా మూడేళ్లు లెక్కలు చూపించి, తాము డంప్ చేయడం లేదని రుజువు చేసుకుని, ఆ ఉత్తర్వు నుంచే బయటపడింది. ప్రతి కౌంటుకూ కెనడా ధర, అమెరికా ధర పక్కపక్కన పెట్టుకుని, ముందే చూసుకుని అమ్మితే ఈ గండం దాటొచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. అయితే అందుకు లెక్కల వాళ్లూ, లాయర్లూ, మూడేళ్ల ఓపికా, ధర పెంచితే కొనేవాడూ ఉండాలి. ఇవి ఉన్న కంపెనీలు ఎన్ని?

అమెరికా వేటగాళ్లకు ఏం ఒరిగిందన్నది రెండో ప్రశ్న. పన్ను వేసిన ఆర్నెల్లకే, 2005 ఆగస్టులో కత్రినా తుపాను గల్ఫ్ తీరాన్ని ఊడ్చేసింది. డీజిల్ ధర తగ్గలేదు. అమెరికన్లు తినే రొయ్యలో సింహభాగం దిగుమతిదిగానే మిగిలింది. ఒక దేశం మీద పన్ను వేస్తే పన్ను లేని ఇంకో దేశం సరుకు వస్తుంది. రొయ్యకు పిండి పట్టించి పంపితే ఉత్తర్వు వర్తించదని తేలాక ఆ రకాలకు గిరాకీ పుట్టింది. ఆ పడవల వాళ్ల కష్టం నిజమే గానీ, దాని మూలం చెరువు రొయ్య చౌకగా పండటంలో ఉంది. రెండు దేశాల ధరల తేడాను కొలిచే పన్నుకు ఆ మూలం అందదు. తేడా సరిచేసుకున్న మరుక్షణం పన్ను సున్నా అవుతుంది, చౌక మాత్రం అలాగే ఉంటుంది.

ఇది గ్రహించే కావచ్చు, వాళ్లు తర్వాత వేరే తలుపు తట్టారు. ధర వదిలేసి, ప్రభుత్వం ఇచ్చే రాయితీల మీద ఫిర్యాదు చేశారు. 2013లో వాణిజ్య శాఖ రాయితీలున్నాయని తేల్చినా, కమిషన్ గాయం లేదనడంతో ఆ కేసు వీగిపోయింది. పదేళ్లాగి 2023లో మళ్లీ పెట్టారు. ఈసారి నెగ్గారు. 2024 చివర్లో మన రొయ్య మీద సుమారు 5.8 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం అదనంగా వచ్చి కూర్చుంది.

పాత ఉత్తర్వు సంగతి? యాంటీ డంపింగ్ పన్ను అయిదేళ్లకు ముగియాలన్నది నియమం, ఎత్తేస్తే డంపింగ్ మళ్లీ వస్తుందని తేలితే పొడిగించవచ్చన్నది దానికి మినహాయింపు. 2011లో పొడిగించారు, 2017లో పొడిగించారు, 2023లో మళ్లీ పొడిగించారు. బ్రెజిల్ 2017లో జాబితాలోంచి వెళ్లిపోయింది. మనం ఉన్నాం. టైగర్ రొయ్య పోయి వనామీ వచ్చింది. హిందుస్థాన్ లీవర్ పేరు మారింది. 2005 ఫిబ్రవరి 1 నాటి ఉత్తర్వు మాత్రం అలాగే ఉంది.

అచ్చంపేట పెద్దమనిషి ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాటన్నారు. “వాళ్లేస్తే మనమెందుకు వెయ్యమండీ?” వేస్తున్నాం. ప్రపంచంలో ఈ ఆయుధాన్ని ఎక్కువగా వాడే దేశాల్లో మనదొకటి. అమెరికాలో రొయ్య మీద అర్జీ పడిన ఆ 2003లోనే మన ప్రభుత్వం చైనా ముడి పట్టు మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. హిందూపురం మార్కెట్‌కు పట్టుగూళ్లు తెచ్చే రైతు సంతోషించాడు. అదే జిల్లాలో ధర్మవరం మగ్గం మీద కూర్చున్న నేతగాడికి దారం ధర పెరిగింది. వాళ్లిద్దరి వాదనా వచ్చే భాగంలో.